ఉదయం 12 నిమిషాల యోగా కారసెల్: స్లైడ్ల వరుస, జాగ్రత్తల మాటలు సరిగా ఉన్నాయా? పోస్ట్ చేసే ముందు చూసి చెప్పండి

సుప్రభాత_యోగ | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. కాకినాడలో పదకొండేళ్లుగా ఉదయం బ్యాచ్‌కి యోగా చెబుతున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది 40 నుంచి 60 ఏళ్ల మధ్య వాళ్లు. క్లాసుకి రాలేని రోజు ఇంట్లో చేసుకోవడానికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఏదైనా పెట్టమని చాలా రోజులుగా అడుగుతున్నారు. వీడియో పెడితే చూస్తారు గానీ గుర్తుండదట. అందుకని వేలితో పక్కకు జరుపుకుంటూ చూసే కారసెల్ తయారు చేస్తున్నాను. ఒక్కో స్లైడ్‌లో ఒక ఆసనం, ఊపిరి గురించి ఒక మాట, జాగ్రత్త ఒకటి. అంతకు మించి పెట్టకూడదనుకున్నాను.

ఇప్పటికి రాసుకున్నది ఇది.

స్లైడ్ 1: నిద్ర లేవగానే 12 నిమిషాలు.
స్లైడ్ 2: తాడాసనం. శ్వాస తీసుకుంటూ చేతులు, మడమలు పైకి. జాగ్రత్త: తల తిరిగేవారు చేయకూడదు.
స్లైడ్ 3: పాదహస్తాసనం. శ్వాస వదులుతూ ముందుకు వంగండి. జాగ్రత్త: నడుం నొప్పి ఉన్నవారు చేయకూడదు.
స్లైడ్ 4: మార్జాలాసనం. శ్వాస తీసుకుంటూ నడుం కిందికి, వదులుతూ వీపు పైకి. జాగ్రత్త: మోకాళ్ల కింద దుప్పటి వేసుకోండి.
స్లైడ్ 5: అధోముఖ శ్వానాసనం. ఐదు నిదానమైన శ్వాసలు. జాగ్రత్త: హై బీపీ ఉన్నవారు చేయకూడదు.
స్లైడ్ 6: భుజంగాసనం. శ్వాస తీసుకుంటూ ఛాతీ పైకి. జాగ్రత్త: గర్భిణులు, హెర్నియా ఉన్నవారు చేయకూడదు.
స్లైడ్ 7: శశాంకాసనం. శ్వాస వదులుతూ నుదురు నేలకు. జాగ్రత్త: మోకాళ్ల నొప్పి ఉన్నవారు చేయకూడదు.
స్లైడ్ 8: శవాసనం. సహజంగా ఊపిరి. జాగ్రత్త: ఒక్కసారిగా లేవవద్దు.

తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి. క్లాసులో అయితే నేను పక్కనే ఉండి సరిచేస్తాను. ఇక్కడ ఆ స్లైడ్ ఒక్కటే వాళ్ల ముందు ఉంటుంది. అదే నా టెన్షన్.

---

సన్నజాజి_ | సోమవారం, రాత్రి 9:32

చాలా బాగుంది మేడమ్. డెలివరీ తర్వాత వచ్చిన పొట్ట తగ్గడానికి వీటిలో ఏది ఎక్కువసేపు చేయాలి? నాకు సిజేరియన్ అయి నాలుగు నెలలైంది.

---

సుప్రభాత_యోగ | సోమవారం, రాత్రి 9:41

అమ్మా, ఇది పొట్ట తగ్గడానికి పెట్టింది కాదు. పొద్దున్నే పట్టేసిన ఒళ్లు వదులవడానికి. మీరు మాత్రం భుజంగాసనం మొదలుపెట్టే ముందు మీ డాక్టరుకి ఒకసారి చూపించుకోండి. కడుపు మధ్య కండరాలు ఇంకా ఎడంగా ఉన్నాయేమో చేత్తో నొక్కి చూసి చెబుతారు. మీ ప్రశ్న వల్లే ఒక సంగతి తట్టింది. నా స్లైడ్‌లో గర్భిణులు అని ఉంది గానీ, ఈమధ్య కడుపు ఆపరేషన్ అయినవాళ్లు అని లేదు.

---

వెన్ను_వైద్యం | సోమవారం, రాత్రి 10:05

హనుమకొండలో ఫిజియోథెరపిస్టుని. మేడమ్, ఆసనాల ఎంపికతో నాకు పేచీ లేదు. వాటి వరుసతో ఉంది. మొదటి స్లైడ్‌లో "నిద్ర లేవగానే" అన్నారు, మూడో స్లైడ్‌కే పాదహస్తాసనం వచ్చేసింది. ఈ రెండూ పక్కపక్కన ఉండటమే నాకు భయం.

రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉన్న డిస్కుల మీద పెద్దగా బరువు ఉండదు. అవి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున లేచేసరికి మనిషి రాత్రి కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగ్గా ఉంటాడు. లేచి తిరగడం మొదలుపెట్టాక ఆ నీరు నెమ్మదిగా పోతుంది. రోజంతా తగ్గే ఎత్తులో సగానికి పైగా మొదటి గంటలోనే తగ్గిపోతుంది. అంటే ఆ మొదటి గంటలో డిస్కులు బిగిసి ఉంటాయి. అప్పుడు నడుం దగ్గర వంగితే, సాయంత్రం అంతే వంగినప్పటి కన్నా డిస్కు వెనక గోడ మీద చాలా ఎక్కువ ఒత్తిడి పడుతుంది. 1987లో ఈ తేడాని కొలిచి చూపించారు. 1998లో అమెరికాలో చాలాకాలంగా నడుం నొప్పి ఉన్నవాళ్లకు తెల్లవారగానే నడుం వంచకుండా ఉండటం నేర్పి చూస్తే, వాళ్లకు నొప్పి ఉండే రోజులు తగ్గాయి.

పైగా మీరు రాసిన "నడుం నొప్పి ఉన్నవారు చేయకూడదు" అన్న మాట ఆ పూట నొప్పి లేనివాడిని ఆపదు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే. "నిన్నటిదాకా ఏమీ లేదు సార్, పొద్దున్నే వంగాను, పట్టేసింది" అని.

---

పాత_మాస్టారు | సోమవారం, రాత్రి 10:48

తెనాలి నుంచి. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. నాకిప్పుడు 68. నలభై ఏళ్లుగా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పన్నెండు సూర్యనమస్కారాలు చేస్తున్నాను. అందులో మొదట్లోనే ముందుకు వంగడం వస్తుంది. ఒక్కరోజు కూడా నడుం పట్టలేదు. డిస్కు ఉబ్బుతుంది, వంగకూడదు అని చెబితే జనం యోగానే మానేస్తారు. భయపెట్టకండి బాబూ.

---

వెన్ను_వైద్యం | సోమవారం, రాత్రి 11:02

మాస్టారూ, మీరు చేస్తున్నది తప్పని నేను అనను. నలభై ఏళ్లుగా రోజూ చేస్తున్న నడుం దానికి అలవాటు పడిపోయి ఉంటుంది. అయితే మేడమ్ పెట్టే స్లైడ్ మీ కోసం కాదు. రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చుని, ఆరు నెలల తర్వాత రేపు పొద్దున్నే మొదలుపెడదాం అనుకునేవాళ్లు కూడా అదే స్లైడ్ చూస్తారు. వాళ్ల నడుం ఎలాంటిదో మేడమ్‌కి తెలియదు.

---

పాత_మాస్టారు | సోమవారం, రాత్రి 11:15

కొత్తవాళ్ల సంగతి మీరు చెప్పినట్టే కావచ్చు. కానీ పొద్దున ఎవరూ వంగకూడదు అని రాస్తే మాత్రం నేను ఒప్పుకోను. నా శిష్యులు ఇరవైమంది రేపు ఆ ముక్క పట్టుకొచ్చి నన్ను అడుగుతారు.

---

సుప్రభాత_యోగ | మంగళవారం, ఉదయం 5:20

రాత్రి ఇది చదివాక నిద్ర సరిగా పట్టలేదు. కారణం చెబుతాను. రెండేళ్ల క్రితం నా బ్యాచ్‌లో ఒకావిడ, వయసు యాభై దాటింది. క్లాసులో పాదహస్తాసనం చక్కగా చేసేవారు. మా క్లాసు ఆరున్నరకు, అందులోనూ వంగడం వచ్చేసరికి ఏడు దాటేది. ఒకసారి పండక్కి ఊరెళ్లి, ఐదింటికి మంచం దిగగానే అదే ఆసనం చేశారు. వంగినప్పుడు కాదు, లేస్తున్నప్పుడు నడుంలో పట్టేసి ఎడమ కాలి పిక్క దాకా లాగింది. ఆరు వారాలు క్లాసుకి రాలేదు. ఎక్కువగా వంగి ఉంటారని నేను అప్పుడు అనుకున్నాను. ఏ వేళలో చేశారన్నది అసలు ఆలోచించలేదు.

పాదహస్తాసనం తీసేస్తున్నాను. శీర్షిక కూడా "లేచిన అరగంట తర్వాత" అని మారుస్తాను.

వెన్ను గారూ, మరి మార్జాలాసనంలోనూ వీపు వంగుతుంది కదా? శశాంకాసనంలో ఇంకా ఎక్కువ. అవి ఉంచవచ్చా?

---

వెన్ను_వైద్యం | మంగళవారం, ఉదయం 7:40

మార్జాలాసనం ఉంచండి. చేతులు, మోకాళ్లు నేల మీద ఉంటాయి కాబట్టి పైభాగం బరువంతా నడుం మీద వేలాడదు. నిలబడి వంగినప్పుడు తల, భుజాలు, చేతుల బరువు మొత్తం నడుం మోయాలి. తేడా అక్కడే. మొదటి రెండు మూడు సార్లు కొంచెమే కదిలించి తర్వాత పెంచమనండి.

శశాంకాసనం చివర్లో ఉంది కాబట్టి ఫర్వాలేదు. కానీ నుదురు నేలకే ఆనాలన్న పట్టుదల వద్దు. నుదుటి కింద ఒక దిండు, పిరుదులకీ మడమలకీ మధ్య ఇంకోటి పెట్టుకుంటే నడుమూ మోకాళ్లూ రెండూ తేలికపడతాయి. అరగంట అంటే డిస్కులు పూర్తిగా సర్దుకున్నాయని మాత్రం కాదు. ఇంట్లో అటూ ఇటూ నడిచి, ముఖం కడుక్కుని, కాసిని నీళ్లు తాగి వచ్చేసరికి ఎంతో కొంత తేలికపడుతుంది. గంట ఆగితే ఇంకా మంచిది. అంతసేపు ఆగమంటే ఎవరూ చేయరని నాకూ తెలుసు.

---

ప్రాణశక్తి_99 | మంగళవారం, ఉదయం 8:15

ఊపిరి మాటలు మరీ తేలికగా ఉన్నాయి. అసలు శక్తి కుంభకంలోనే ఉంది. తాడాసనంలో చేతులు పైకెత్తి ఊపిరి బిగపట్టి పది లెక్కపెట్టాలి. భుజంగాసనంలో కూడా పైన ఉన్నంతసేపు బిగపట్టాలి. అప్పుడే ఊపిరితిత్తులు బలపడతాయి. వంగేటప్పుడు వదలడం, లేచేటప్పుడు తీసుకోవడం అన్న సూత్రం మాత్రం సరిగ్గా పెట్టారు.

---

సుప్రభాత_యోగ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఆ సూత్రం దాకా మీతో ఏకీభవిస్తాను. ఛాతీ తెరుచుకునేటప్పుడు గాలి లోపలికి, కడుపు నొక్కుకునేటప్పుడు బయటికి. ఒళ్లు సహజంగా చేసేది కూడా అదే. కుంభకం దగ్గరే ఒప్పుకోలేను. అది ప్రాణాయామంలో నెలల తరబడి, గురువు ఎదుట కూర్చుని నేర్చుకునేది. కండరాలు బిగించి ఊపిరి కూడా బిగపడితే ఛాతీలో ఒత్తిడి పెరిగి, బీపీ ఒక్కసారి పైకి లేచి, వదలగానే పడిపోతుంది. కళ్ల ముందు చీకట్లు కమ్మడం అప్పుడే. మడమలు పైకెత్తి నిలబడిన 58 ఏళ్ల మనిషికి ఆ క్షణంలో తల తిరిగితే పడేది టైల్స్ నేల మీద.

అయితే మీ మాట వల్ల నా లోపం ఒకటి బయటపడింది. "శ్వాస తీసుకుంటూ ఛాతీ పైకి" అని ఆపేశాను. పైకి వెళ్లాక ఏం చేయాలో చెప్పలేదు. చెప్పకపోతే మనిషి తనకు తెలియకుండానే బిగపడతాడు. క్లాసులో నేను "పైన ఉండి ఒకటి నుంచి ఐదు దాకా గట్టిగా లెక్కపెట్టండి" అంటాను. గొంతు పలికిందంటే ఊపిరి ఆడుతున్నట్టే. నొక్కుకుపోయినట్టు పలికితే ఎక్కువ ఎత్తు లేచారని అర్థం. ఆ స్లైడ్‌లో ఊపిరి మాటగా ఇదే పెడతాను.

---

ప్రాణశక్తి_99 | మంగళవారం, మధ్యాహ్నం 2:05

లెక్కపెట్టడం మంచి ఉపాయమే. కానీ ఆసనంలో మాట్లాడకూడదని మా గురువుగారు చెప్పారు. మౌనంగా ఉంటేనే మనసు లోపలికి వెళుతుంది.

---

కొబ్బరితోట | మంగళవారం, సాయంత్రం 6:20

అక్కా, అమలాపురం నుంచి. మా నాన్నగారికి నీటికాసులు ఉన్నాయి, గ్లాకోమా అంటారు కదా. రోజూ రాత్రి చుక్కలు వేసుకుంటారు. పోయిన నెల కంటి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, తల కిందికి ఉండే ఆసనాలు ఏవీ వద్దని చెప్పారు. మీ ఐదో స్లైడ్‌లో బీపీ అని మాత్రమే ఉంది. ఆయనకు బీపీ లేదు. ఆ స్లైడ్ చూస్తే నాకు పనికొస్తుంది అనుకుంటారు.

---

వెన్ను_వైద్యం | మంగళవారం, సాయంత్రం 6:55

చాలా ముఖ్యమైన మాట. గ్లాకోమా ఉన్నవాళ్లతో, లేనివాళ్లతో కూడా నాలుగు ఆసనాలు చేయించి కంటిలోపలి ఒత్తిడి కొలిచిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. నాలుగింటిలోనూ ఒత్తిడి పెరిగింది. అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది అధోముఖ శ్వానాసనంలోనే. ఆసనం విడిచి కాసేపు కూర్చుంటే మళ్లీ తగ్గింది. ఆరోగ్యంగా ఉన్న కంటికి అది పెద్ద విషయం కాకపోవచ్చు. అప్పటికే నరం దెబ్బతిన్న కన్ను అయితే ఎందుకు ఆ సాహసం?

ఇంకో చిక్కు కూడా ఉంది. నీటికాసులు చాలామందికి ముందుగా తెలియవు. నొప్పి ఉండదు, చూపు అంచుల నుంచి మెల్లగా తగ్గుతుంది. తనకు ఉందని తెలియని మనిషికి "ఉన్నవారు చేయకూడదు" అన్న మాట ఎలా పనిచేస్తుంది?

---

సుప్రభాత_యోగ | మంగళవారం, రాత్రి 8:30

అందుకే ఆ ఆసనాన్నే మార్చేస్తాను. గోడకు ఎదురుగా నిలబడి, నడుం ఎత్తులో అరచేతులు గోడకు ఆనించి, మోకాళ్లు కొంచెం వదులు చేసి, పిరుదులు వెనక్కి తీసుకెళుతూ వీపు చదునుగా చాచడం. తల చేతుల మధ్య ఉంటుంది, గుండె కన్నా కిందికి పోదు. వీపు, పిక్కలు, భుజాలు సాగడం దాదాపు అలాగే ఉంటుంది. ఇందులో నడుం గుండ్రంగా వంగదు, తుంటి దగ్గర మడత పడుతుంది. వెన్ను గారు చెప్పిన పొద్దుటి ఇబ్బంది కూడా తగ్గుతుంది.

కొబ్బరితోట గారూ, నాన్నగారికి ఇది కూడా కంటి డాక్టరుని అడిగాకే చేయించండి. శశాంకాసనం మాత్రం ఆయనకు వద్దు. అందులో తల కిందికే ఉంటుంది.

"చేయకూడదు" అన్న మాట గురించి కూడా ఆలోచించాను. నా బ్యాచ్‌లో సగం మందికి పైగా బీపీ మాత్రలు వేసుకుంటారు. బీపీ ఉన్నవారు చేయకూడదు అని రాస్తే అది అందరికీ వర్తిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అందుకే ఏ జబ్బు ఉందన్నది కాక, ఒంట్లో ఏం అనిపిస్తే ఆగాలి, ఆగి ఏం చేయాలి అన్నది రాయాలనిపిస్తోంది.

---

గుంటూరు_గృహిణి | మంగళవారం, రాత్రి 9:10

మా అమ్మకి షుగర్. పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుని, గంట వాకింగ్ చేసి, వచ్చాక యోగా చేసి, ఆ తర్వాత ఎనిమిదిన్నరకు టిఫిన్ తింటుంది. పోయిన వారం శవాసనంలో పడుకుని ఉండగా చెమటలు పట్టి చేతులు వణికాయి. యోగా వల్లే అనుకుని మానేసింది. ఏ ఆసనం వల్ల అలా అయి ఉంటుంది?

---

వెన్ను_వైద్యం | మంగళవారం, రాత్రి 9:35

అమ్మా, ఆసనం వల్ల అయి ఉండదు. మీరు చెప్పింది షుగర్ పడిపోయినప్పుడు కనిపించే లక్షణం. కొన్ని షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకున్నాక ఏమీ తినకుండా గంట నడిస్తే అలా అవుతుంది. మళ్లీ చెమట, వణుకు వస్తే వెంటనే షుగర్ పరీక్షించి చూడండి. మిషను దగ్గర లేకపోతే ఆగకుండా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. స్పృహ సరిగా లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, నడకకు ముందు ఏం తినాలి అన్నది ఆమె డాక్టరే చెప్పాలి. సొంతంగా మాత్ర మానేయవద్దు.

---

గుంటూరు_గృహిణి | మంగళవారం, రాత్రి 9:50

రేపే తీసుకెళతాను అన్నయ్యా. అందరూ పరగడుపున యోగా అంటుంటే మాత్ర కూడా అలాగే వేసుకోవాలనుకుంది పాపం.

---

సుప్రభాత_యోగ | మంగళవారం, రాత్రి 10:00

ఇది ఏ ఒక్క ఆసనానికీ చెందిన జాగ్రత్త కాదు. మొదటి స్లైడ్‌లోనే పెట్టాలి. "షుగర్ మాత్ర, ఇన్సులిన్ తీసుకునేవారు: ఖాళీ కడుపుతో చేయాలా వద్దా, డాక్టరుని అడిగి మొదలుపెట్టండి."

---

అచ్చుబొమ్మ | బుధవారం, ఉదయం 10:20

విజయవాడలో డిజైన్ పని చేస్తాను. ఆసనాల సంగతి నాకు తెలియదు, స్లైడ్ గురించి మాత్రం చెబుతాను.

మీవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ఊరుకోరు. ఒక స్లైడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో వేస్తారు. అక్కడికి భుజంగాసనం ఒక్కటే వెళుతుంది, మొదటి స్లైడ్ వెళ్లదు. కాబట్టి జాగ్రత్తలన్నీ కలిపి చివర ఒక స్లైడ్‌లో పెట్టకుండా, ఏ ఆసనం జాగ్రత్త ఆ స్లైడ్‌లోనే పెట్టడం చాలా మంచి పని. దాన్ని కింద అంచుకు మాత్రం నెట్టకండి. చివరి గీత కత్తిరించి పంపేవాళ్లు ఉంటారు. ఫొటోకి ఆనుకుని, అన్ని స్లైడ్లలోనూ ఒకే చోట ఉంచండి.

ఇంకో సంగతి. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నా బొమ్మలో ఉన్న అక్షరాలు పెరగవు. ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు వేళ్లతో పెద్దది చేస్తే వేళ్లు తీయగానే మళ్లీ చిన్నదైపోతుంది. అందుకని ఒక్కో మాట పది పదాలు దాటకుండా చూడండి. రామభద్ర లాంటి లావు అక్షరాలు ఆసనం పేరుకే బాగుంటాయి, చిన్న వాక్యానికి వాడితే గుడులూ వత్తులూ కలిసిపోతాయి. వాక్యానికి మండలి లాంటి సన్నటివి వాడండి. వరుసల మధ్య ఇంగ్లిష్‌కి ఇచ్చినంత జాగా ఇస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. "శ్వాస"లో వా వత్తు కనబడకపోతే చదివేవాళ్లు తడబడతారు.

పోస్ట్ చేసే ముందు మీ బ్యాచ్‌లో కళ్లజోడు ఉన్న ఒకరికి ఫోన్ ఇచ్చి, నేల మీద పెట్టుకుని నిలబడి చదవమనండి.

---

సుప్రభాత_యోగ | గురువారం, రాత్రి 8:45

అచ్చుబొమ్మ గారు చెప్పిన పరీక్ష ఈ రోజు చేశాను. మార్చిన స్లైడ్లు నలుగురికి ఇచ్చి, నేను ఒక్క మాట కూడా మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాను.

మొదట కనబడింది అక్షరాల సమస్య కాదు. మార్జాలాసనంలో నలుగురిలో ముగ్గురు ఆసనంలో ఉండగానే మెడ పక్కకు తిప్పి ఫోన్ చూస్తున్నారు. చదివేసరికి ఊపిరి తిరగబడిపోయింది. వీపు పైకి లేపుతూ గాలి తీసుకుంటున్నారు. మాట తప్పు కాదు, దాన్ని చేస్తూ చదవడం తప్పు. అందుకని మొదటి స్లైడ్‌లో "ముందు చదవండి, ఫోన్ పక్కన పెట్టండి, తర్వాత చేయండి" అని చేర్చాను. మార్జాలాసనం మాటని కూడా చిన్నది చేశాను: "కడుపు కిందికి, గాలి లోపలికి. వీపు పైకి, గాలి బయటికి."

రెండోది భుజంగాసనం. నేను పెట్టిన ఫొటోలో మోచేతులు దాదాపు నిటారుగా ఉన్నాయి. అది చూసి నలుగురూ చేతులతో నేలను నెట్టి లేచారు. భుజాలు చెవుల దగ్గరకు వచ్చాయి, నడుం కింది భాగంలో ఒక్కచోటే మడత పడింది. కింద "చేతులతో నెట్టకండి" అని రాసి ఉన్నా ఎవరూ చూడలేదు, ఫొటోనే చూశారు. ఇప్పుడు ఫొటో మార్చాను. పక్క నుంచి తీసింది, బొడ్డు నేలకు ఆని, మోచేతులు వంగి ఒంటికి దగ్గరగా, గడ్డం కొంచెం లోపలికి. అలాగే అరచేతులు ఒక్క క్షణం నేల మీంచి ఎత్తి చూడమని రాశాను. ఛాతీ దబ్బున కిందికి పడిపోతే అంతవరకూ చేతులే మోశాయన్నమాట.

---

డల్లాస్_నుంచి | శుక్రవారం, ఉదయం 6:10

మేడమ్, నాకు రోజంతా కీబోర్డు పని, మణికట్టు నొప్పి. మార్జాలాసనంలో అరచేయి ఆనిస్తే తిమ్మిరెక్కుతుంది. ఆ స్లైడ్‌లో మోకాళ్ల గురించే ఉంది. ఇక్కడ కార్పెట్ కాబట్టి మోకాళ్లకు ఇబ్బంది లేదు.

---

సుప్రభాత_యోగ | శుక్రవారం, ఉదయం 6:45

పిడికిలి బిగించి, వేళ్ల కణుపుల మీద ఆనండి, మణికట్టు తిన్నగా ఉంటుంది. అదీ కష్టంగా ఉంటే మోచేతుల మీద ఆని చేయండి. తిమ్మిరి రాత్రిపూట కూడా వస్తుంటే డాక్టరుకి చూపించాల్సిందే. స్లైడ్‌కి ఒకే జాగ్రత్త అని నియమం పెట్టుకున్నాను కాబట్టి ఏది ఉంచాలో తేలడం లేదు. దుప్పటి ఫొటోలోనే కనబడుతోంది, అది మళ్లీ రాయనక్కర్లేదు. మణికట్టు మాటనే రాస్తాను.

---

సుప్రభాత_యోగ | శుక్రవారం, రాత్రి 9:00

రేపు పొద్దున పెట్టబోయేది ఇది. నిలబడి చేసేవి ముందు, తర్వాత నేల మీదవి. ఒక్కసారే కిందికి దిగితే చాలు. ఆసనాలు ఆరు, స్లైడ్లు ఏడు.

స్లైడ్ 1: లేచిన అరగంట తర్వాత 12 నిమిషాలు. ముందు చదవండి, ఫోన్ పక్కన పెట్టండి, తర్వాత చేయండి. షుగర్ మాత్ర, ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరుని అడిగి మొదలుపెట్టండి.

స్లైడ్ 2: తాడాసనం. చేతులు లేపుతూ గాలి తీసుకోండి, దించుతూ వదలండి. జాగ్రత్త: గోడకు జానెడు దూరంలో నిలబడండి. తల తిరిగితే మడమలు దించి గోడ పట్టుకోండి.

స్లైడ్ 3: గోడ పట్టుకుని అధోముఖం. పిరుదులు వెనక్కి వెళుతుంటే గాలి వదలండి, తర్వాత ఐదు శ్వాసలు. జాగ్రత్త: తల చేతుల కన్నా కిందికి జారనివ్వకండి.

స్లైడ్ 4: మార్జాలాసనం. కడుపు కిందికి, గాలి లోపలికి. వీపు పైకి, గాలి బయటికి. జాగ్రత్త: మణికట్టు నొప్పి ఉంటే పిడికిళ్ల మీద ఆనండి.

స్లైడ్ 5: భుజంగాసనం. గాలి తీసుకుంటూ లేవండి, పైన ఐదు దాకా పైకి లెక్కపెట్టండి. జాగ్రత్త: గర్భిణులు, హెర్నియా ఉన్నవారు, కడుపు ఆపరేషన్ అయినవారు దీని బదులు మార్జాలాసనమే మళ్లీ చేయండి.

స్లైడ్ 6: దిండుతో శశాంకాసనం. నుదురు దిండుకు ఆనించి, వదిలే ఊపిరి పొడుగ్గా. జాగ్రత్త: నీటికాసులు ఉన్నవారు, మోకాళ్లు మడవలేనివారు వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి.

స్లైడ్ 7: శవాసనం. ఊపిరిని మార్చకండి, గమనించండి. జాగ్రత్త: పక్కకు తిరిగి, చేతి ఆసరాతో కూర్చుని, పది శ్వాసల తర్వాత నిలబడండి.

---

అచ్చుబొమ్మ | శుక్రవారం, రాత్రి 9:25

ఐదు, ఆరు స్లైడ్లలో జాగ్రత్త మాట పొడుగైంది. ఆ రెండింట్లో ఫొటోని కొంచెం చిన్నది చేసి అక్షరాల సైజు అలాగే ఉంచండి. అక్షరాలు మాత్రం తగ్గించవద్దు.

---

పాత_మాస్టారు | శుక్రవారం, రాత్రి 9:50

బాగుందమ్మా. పాదహస్తాసనం తీసేయడం నాకు నచ్చకపోయినా, వంగకూడదని ఎక్కడా రాయలేదు, సంతోషం. శవాసనం నుంచి లేచేటప్పుడు పక్కకు అన్నావు, కుడి పక్కకు అని రాయి. మేమెప్పుడూ కుడి పక్కకే తిప్పించేవాళ్లం.

---

కొబ్బరితోట | శుక్రవారం, రాత్రి 10:05

మాస్టారూ, నెలలు నిండుతున్న గర్భిణులు ఎడమ పక్కకు తిరగాలని మా అక్కకి డాక్టరు చెప్పారు కదా. కుడి అని రాస్తే వాళ్లు ఏం చేయాలి?

---

సుప్రభాత_యోగ | శుక్రవారం, రాత్రి 10:20

అందుకే ఏ పక్కో రాయలేదు మాస్టారూ. క్లాసులో నేనూ కుడి పక్కకే చెబుతాను, గర్భిణులు ఉంటే ఎడమ అని విడిగా చెబుతాను. స్లైడ్‌లో "పక్కకు" అనే ఉంచుతాను. నెలలు నిండినవాళ్లు ఈ కారసెల్‌ని కాక, వాళ్ల కోసం పెట్టిన విడి క్లాసుని చూడటం మంచిదనిపిస్తోంది. అది మొదటి స్లైడ్‌లో చేర్చాలా, కింద రాసే వివరంలో పెట్టాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

---

వెన్ను_వైద్యం | శుక్రవారం, రాత్రి 10:40

మొదటి స్లైడ్‌లోనే పెట్టండి. కింద రాసింది స్క్రీన్‌షాట్‌తో వెళ్లదు.

---

గుంటూరు_గృహిణి | శనివారం, ఉదయం 7:15

అమ్మని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. మాత్రని టిఫిన్ ముందుకు మార్చారు. నడకకి వెళ్లే ముందు ఏదైనా కొంచెం తినమన్నారు. ఈ పొద్దున రెండు బిస్కెట్లు తిని, మీ వరుసలో తాడాసనం, గోడ ఆసనం చేసింది. ఐదో స్లైడ్ చదివి, "పైకి లెక్కపెట్టండి అంటే అంకెలు గట్టిగా అనాలా, ఇంకా పైకి లేవాలా?" అని అడిగింది.

---

సుప్రభాత_యోగ | శనివారం, ఉదయం 7:22

అమ్మగారికి నమస్కారాలు చెప్పండి. ఇంకా పోస్ట్ చేయలేదు. "గట్టిగా ఐదు దాకా లెక్కపెట్టండి" అని ఇప్పుడే మారుస్తున్నాను.